కంచె తీగలో పట్టు తగ్గినప్పుడు



అడవి పందుల బెడద ఉన్న ఊళ్లలో మొక్కజొన్న, వేరుశెనగ చేల చుట్టూ సోలార్ కంచె కట్టుకున్న రైతులు ఇప్పుడు చాలామందే ఉన్నారు. కట్టిన మొదటి ఏడు ఏ చిక్కూ రాదు. పంది వచ్చి మూతి ఆనిస్తుంది, దెబ్బ తింటుంది, మళ్లీ ఆ దిక్కుకు రాదు. రెండో ఏడో, మూడో ఏడో వచ్చేసరికి కథ మారుతుంది. తీగ అలాగే ఉంటుంది, పెట్టె టిక్కు టిక్కుమంటూనే ఉంటుంది, అయినా తెల్లవారి చూస్తే చేలో పందులు పొర్లిన జాడలుంటాయి. తీగను చేత్తో తాకితే ఏదో చీమ కుట్టినట్టు ఉంటుంది తప్ప పట్టు ఉండదు. ఇట్లా కంచెలో పట్టు తగ్గినప్పుడు లోపం ఎక్కడున్నదో ఒక వరుసలో ఎలా వెతుక్కోవాలన్నదే ఈనాటి సంగతి.

ముందుగా ఒక హెచ్చరిక చెప్పి విషయంలోకి వస్తాను. పెట్టె దెబ్బ చాలడం లేదని చెప్పి కొందరు మోటారు లైను నుంచి 230 వోల్టుల కరెంటు నేరుగా కంచె తీగకు తగిలిస్తున్నారు. ఇది పంటను కాపాడే పని కాదు, ప్రాణం తీసే పని. కంచె పెట్టె ఇచ్చే దెబ్బ వేల వోల్టులదైనా అది సెకండుకు ఒకసారి చొప్పున, సెకండులో నూరో వంతు కంటె తక్కువ సేపు మాత్రమే ఉంటుంది. దెబ్బకూ దెబ్బకూ నడుమ తీగ చల్లబడ్డట్టే లెక్క. తగిలిన జంతువు గాని మనిషి గాని ఆ సందులో వెనక్కి తప్పుకోవచ్చు. లైను కరెంటు అలా కాదు. ఎడతెగకుండా పారుతుంది, కండరాలను బిగబట్టేస్తుంది, పట్టుకున్న చెయ్యి వదలదు. రాత్రిపూట నీళ్లు పెట్టడానికి వచ్చిన పక్క చేను రైతో, పశువుల వెంట వచ్చిన పిల్లవాడో దానికి బలి అవుతాడు. చట్టరీత్యా కూడా ఇది నేరమే. కనుక కంచెలో పట్టు తగ్గితే చెయ్యవలసింది లోపాన్ని వెతకడమే గాని, లైను తగిలించడం కాదు.

ఇక లోపం వెతకాలంటే దెబ్బ ఏ దారిన పోతుందో మనసులో బొమ్మ కట్టుకోవాలి. పెట్టెకు రెండు కొనలుంటాయి. ఒకటి కంచె తీగకు పోతుంది, రెండవది భూమిలో పాతిన ఎర్తు కడ్డీలకు పోతుంది. పంది తీగను తాకినప్పుడు పెట్టెలో నుంచి వచ్చిన దెబ్బ తీగ వెంట పరుగెత్తి, పంది ఒంటిలో నుంచి కాళ్లకు దిగి, నేలలో ప్రయాణం చేసి, ఎర్తు కడ్డీ ఎక్కి మళ్లీ పెట్టెకు చేరుతుంది. ఈ చుట్టు పూర్తి అయితేనే పందికి దెబ్బ. చుట్టులో ఎక్కడ తెగినా, ఎక్కడ దొంగదారి ఏర్పడినా పట్టు తగ్గుతుంది.

మోటారు నీళ్లు కాలువలో వదిలినప్పుడు ఏమి చూస్తాము? చివరి మడికి నీరు అందకపోతే, మోటారే సరిగా పోస్తున్నదా, కాలువ గట్టుకు గండి పడిందా, కలుపు అడ్డుకున్నదా అని వరుసగా చూసుకుంటాము. ఇక్కడా అంతే. పెట్టె మోటారు వంటిది. ప్రతి దెబ్బకూ అది ఇంత అని కొలిచి పోస్తుంది, అంతకు మించి పోయలేదు. పగిలిన ఇన్సులేటరు కాలువకు పడిన గండి. తీగను తాకే గడ్డి గట్టు పొడుగునా ఊటగా కారిపోయే నీరు. ఎర్తు అన్నది మాత్రం కాలువలో లేని సంగతి, అది తిరుగుదారి. తీగను ఎంత బాగా కట్టినా తిరుగుదారి సరిగా లేకపోతే అంతా వృథా. చాలామంది రైతులు తీగ వెంట నాలుగుసార్లు తిరుగుతారు గాని ఎర్తు కడ్డీ వంక ఒక్కసారి కూడా చూడరు.

పని మొదలుపెట్టే ముందు ఒక వస్తువు చేతిలో ఉండాలి. దాని పేరు ఫెన్సు వోల్టుమీటరు. కంచె పెట్టెలు అమ్మేవారి దగ్గరే దొరుకుతుంది. దానికి ఒక వైపు తీగకు ఆనించే కొస, మరొక వైపు నేలలో గుచ్చే చిన్న కడ్డీ ఉంటాయి. అంకెలు చూపేది ఉంటే మంచిది. వరుసగా చిన్న దీపాలు వెలిగేదైనా పనికి వస్తుంది. ఇంట్లో ఎలక్ట్రీషియన్ వాడే మామూలు మీటరు ఇందుకు పనికిరాదు. అది వేల వోల్టుల దెబ్బకు తట్టుకోలేదు, క్షణకాలపు దెబ్బను సరిగా కొలవలేదు. మీటరులో అంకె కిలోవోల్టులలో వస్తుంది. 8 అని వస్తే ఎనిమిది వేల వోల్టులన్న మాట. అడవి పంది చర్మం మందం, వెంట్రుకలు బిరుసు. దానిని ఆపాలంటే కంచెలో ఏ మూల చూసినా, మంచు కురిసిన తెల్లవారుజామున కూడా, 4 కు తగ్గకుండా ఉండాలి. 2 కు దిగిందంటే ఆ కంచె ఉన్నా లేనట్టే.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకొని అడుగు అడుగునా నడుద్దాము. ఒక రైతుకు ఇంచుమించు అయిదున్నర ఎకరాల మొక్కజొన్న చేను, నలుపలకగా ఉన్నది. ఒక్కో వైపు 150 మీటర్లు, చుట్టూ 600 మీటర్లు. ఈశాన్యపు మూల చిన్న పాక, అందులో పెట్టె, బ్యాటరీ. పాక మీద సోలార్ పలక. తీగ అక్కడ మొదలై తూర్పు వైపు, దక్షిణం, పడమర, ఉత్తరం తిరిగి మళ్లీ పాక దగ్గరకు వచ్చి ఆగిపోతుంది. మొదటి తీగతో కలవదు. రెండు వరుసల తీగ. కింది తీగ నేలకు జానెడు ఎత్తున, పై తీగ మూరెడు ఎత్తున. పంది మూతితో నేలను తవ్వుకుంటూ వస్తుంది గనుక కింది తీగ అంత తగ్గులో ఉండక తప్పదు. ప్రతి మూల దగ్గరా ఒక స్విచ్చి ఉన్నది. దానిని ఎత్తితే ఆ తరువాతి తీగ విడిపోతుంది. ఈ మూల స్విచ్చులు లేని రైతులు ముందు అవి పెట్టించుకోవాలి. అవి లేకపోతే వెతకడం గడ్డివాములో సూదిని వెతికినట్టే.

ఈ చేలోకి పందులు దిగాయి. రైతు తెల్లవారుజామున, మంచు ఆరకముందే మీటరు పట్టుకొని వెళ్లాడు. ఈ వేళ ఎంచుకోవడంలో ఒక తెలివి ఉన్నది. మధ్యాహ్నం ఎండలో గడ్డి ఎండి, ఇన్సులేటర్ల మీద దుమ్ము పొడిగా ఉంటుంది. అప్పుడు కొలిస్తే అంకె బాగానే వస్తుంది. పందులు వచ్చేది రాత్రి, మంచు పడ్డ తరువాత. కనుక పంది వచ్చే వేళకు కంచె ఎలా ఉంటుందో అప్పుడే కొలవాలి. పాక దగ్గర తీగ మీద 2.1 వచ్చింది, కంచె చివర 1.7 వచ్చింది. రెండు చోట్లా తక్కువే. అంటే ఏ ఒక్క ముడి దగ్గరో తీగ తెగినందువల్ల కాదు. ఒక్కచోటే తెగి ఉంటే తెగిన చోటుకు ముందు అంకె బాగుండి, దాటిన తరువాత పడిపోయేది. రెండు చోట్లా తగ్గిందంటే పెట్టె అయినా సన్నగిల్లి ఉండాలి, లేక ఎక్కడో బాగా కారిపోతూ అయినా ఉండాలి.

కనుక మొదటి ప్రశ్న పెట్టెను అడగాలి. పెట్టెను ఆపి, కంచె తీగను పెట్టె నుంచి విడదీయాలి. ఆ పైన పెట్టెను మళ్లీ నడిపి, మీటరును పెట్టె రెండు కొనల నడుమ పెట్టి చూడాలి. ఇక్కడ ఎర్తు కడ్డీతో గాని, తీగతో గాని పని లేదు. పెట్టె ఒక్కటే తన శక్తి చెపుతుంది. మన రైతుకు 8.2 వచ్చింది. పెట్టె మీద రాసి ఉన్న అంకెకు దగ్గరగానే ఉన్నది. పెట్టెలో లోపం లేదని తేలిపోయింది. ఈ ఒక్క పరీక్షతోనే సగం సందేహం తీరుతుంది. ఇది చెయ్యకుండా పెట్టెను మోసుకొని పట్నం పోయి, బాగానే ఉన్నదనిపించుకొని తిరిగి వచ్చే రైతులు ఎందరో.

ఒకవేళ పెట్టెలో అంకె తక్కువ వచ్చిందనుకోండి, అప్పుడు వెంటనే పెట్టెను నిందించకండి. ముందు బ్యాటరీని చూడండి. బ్యాటరీకి మామూలు మీటరు పనికి వస్తుంది. సూర్యుడు రాకముందు చూడాలి, ఎందుకంటే సోలార్ పలక నుంచి కరెంటు వస్తూ ఉన్నప్పుడు బ్యాటరీ అబద్ధం చెపుతుంది. నిండా ఛార్జి ఉన్న 12 వోల్టుల బ్యాటరీ 12.6 చూపుతుంది. 12.2 కు దిగిందంటే సగం ఖాళీ. 11.8 కన్నా తక్కువైతే దాదాపు ఖాళీ అయినట్టే. బ్యాటరీ ఖాళీగా ఉంటే కారణాలు మూడు. సోలార్ పలక మీద దుమ్మూ పిట్టల రెట్టా పేరుకోవడం ఒకటి, పలక మీద చెట్టు నీడ పడటం ఒకటి, బ్యాటరీ కొనల మీద తెల్లని బూజు పట్టడం ఒకటి. పలకను నీళ్లతో తుడవండి. కొమ్మలు కొట్టెయ్యండి. కొనలను వేడినీళ్లతో కడిగి, ఆరనిచ్చి, బిగించి, కాస్త గ్రీజు పూయండి. నీళ్లు పోసే రకం బ్యాటరీ అయితే లోపలి పలకలు మునిగేలా డిస్టిల్డు వాటరు మాత్రమే పోయండి, బావి నీళ్లు పోయకండి. ఇంత చేసి బ్యాటరీ నిండినా పెట్టె అంకె తక్కువగానే ఉంటే అప్పుడు లోపం పెట్టె లోపలే. దానిని మీరు విప్పకండి. స్విచ్చి ఆపిన తరువాత కూడా లోపలి కెపాసిటరులో దెబ్బ దాగి ఉంటుంది. అది తీగ దెబ్బ వంటి చిన్న దెబ్బ కాదు. కొన్నచోటికే తీసుకొని పోయి బాగు చేయించుకోవాలి.

మన రైతు పెట్టె మంచిది, బ్యాటరీ 12.5. ఇక లోపం తీగలో గాని ఎర్తులో గాని ఉండాలి. తీగను ఒక్కొక్క వైపుగా కలుపుతూ పోయాడు. మూలల దగ్గర స్విచ్చులన్నీ ఎత్తి, ముందు తూర్పు వైపు ఒక్కటే కలిపితే పాక దగ్గర 7.6 వచ్చింది. దక్షిణం కూడా కలిపితే 7.1. ఇంతవరకు తగ్గుదల కొంచెమే. అంత పొడుగు తీగకు అది మామూలే. పడమర వైపు కలపగానే 3.4 కు పడిపోయింది. ఉత్తరం కూడా కలిపితే 2.1. అంకెలే మాట్లాడుతున్నాయి చూశారా? తూర్పు, దక్షిణం బాగున్నాయి. పెద్ద గండి పడమరలో ఉన్నది. ఉత్తరంలో కూడా కొంత కారిపోతున్నది. ఆరు వందల మీటర్లు తిరగవలసిన పని మూడు వందలకు తగ్గింది.

పడమర వైపు ఏమున్నది? రాతి కడీల మీద ప్లాస్టిక్ ఇన్సులేటర్లు, నైరుతి మూలన మాత్రం ఇనుప కోణం పాతి ఉన్నది. ఇన్సులేటరు పగిలితే పగటిపూట కంటికి కనిపించదు. చీలిక సన్నగా ఉంటుంది, దుమ్ము పట్టి మూసుకుపోతుంది. చెవితో పట్టుకోవాలి. గాలి నిలిచిన వేళ తీగ పక్కన నడుస్తుంటే లోపం ఉన్నచోట పెట్టె లయకు సరిగ్గా చిటుక్కు, చిటుక్కుమని శబ్దం వస్తుంది. చీకటి పడ్డాక అయితే అక్కడే నీలం రంగు నిప్పురవ్వ కనిపిస్తుంది. ఇంకొక ఉపాయం ఉన్నది. పాత ట్రాన్సిస్టరు రేడియో ఉంటే మీడియం వేవులో ఏ కేంద్రమూ రాని చోట ముల్లును పెట్టి, చేత పట్టుకొని కంచె పొడుగునా నడవండి. పెట్టె లయకు చిటపటమంటుంది. నిప్పురవ్వ ఉన్న చోటికి దగ్గరయ్యే కొద్దీ ఆ చప్పుడు పెరుగుతుంది, దాటగానే తగ్గుతుంది. ఎఫ్.ఎం. మీద ఇది సరిగా పనిచేయదు, మీడియం వేవు కావాలి.

మన రైతుకు నైరుతి మూలన చప్పుడు దొరికింది. అక్కడ ఇన్సులేటరు లోపల పగిలి, తీగ ఇనుప కోణానికి వెంట్రుకవాసి దూరంలో ఉన్నది. ప్రతి దెబ్బా ఆ సందు దాటి కోణం వెంట నేలలోకి దిగిపోతున్నది. మూలల దగ్గర ఇన్సులేటర్లే ముందు పోవడం మామూలు, తీగ లాగుడు అంతా వాటి మీదే ఉంటుంది. పక్కన రెండు కడీలకు ఇన్సులేటర్లు ఊడిపోతే ఎప్పుడో సైకిలు ట్యూబు ముక్కలు చుట్టి ఉన్నాయి. ఇది చాలా చేలలో చూసే సంగతే. సైకిలు ట్యూబు రబ్బరే గదా, కరెంటు పోదు గదా అని అనుకుంటారు. ఆ రబ్బరులో మసి కలుపుతారు, అందుకే అది నల్లగా ఉంటుంది. మసి బొగ్గే, వేల వోల్టులకు అది దారి ఇస్తుంది. తడిస్తే మరీను. పాత పైపు ముక్కలు, మందు సీసాలు కూడా ఇంతే, ఎండకు చీలిపోతాయి. ఎండకు తట్టుకునే ఇన్సులేటర్లే కొనాలి. మూలలకు లాగుడు తట్టుకునే గట్టి రకం, పింగాణీ అయినా సరే, వేయాలి. పింగాణీది వేస్తే మెరుపు పోయి గీతలు పడ్డవి మార్చేయాలి. నల్లగా కాలిన గీత కనిపించిన ఇన్సులేటరును తుడిచి వాడకండి. ఆ గీత దెబ్బకు వేసుకున్న బాట, తుడిస్తే పోదు.

పెట్టె ఆపి, మూల ఇన్సులేటరు మార్చి, ట్యూబు ముక్కలు తీసి కొత్తవి బిగించాడు. మళ్లీ కొలిస్తే మూడు వైపులకు 6.6 వచ్చింది. నాలుగో వైపు కలిపితే 4.3. ఇంకా ఉత్తరంలో రెండు వేలకు పైగా కారిపోతున్నది.

ఉత్తరం వైపు ఇన్సులేటర్లన్నీ బాగున్నాయి, చప్పుడు లేదు, నిప్పురవ్వ లేదు. ఉన్నదల్లా గడ్డి. పక్క చేను గట్టు కంచెకు ఆనుకొని ఉన్నది. గట్టు మీద గరిక, వయ్యారిభామ, ఏవో తీగ మొక్కలు కింది తీగను కప్పేశాయి. ఒక్క గడ్డిపోచ తాకితే పోయేది అణువంత. అటువంటివి వేల పోచలు తాకితే అణువులన్నీ కూడి చెంబెడు, బిందెడు అవుతాయి. పొడి గడ్డి కంటె పచ్చి గడ్డి, పచ్చి గడ్డి కంటె తడి గడ్డి ఎక్కువ లాగేస్తుంది. అందుకే వానల్లో, మంచులో కంచె పట్టు తగ్గి, ఎండ రాగానే మళ్లీ బాగవుతుంది. ఎండకు బాగై మంచుకు చెడే కంచె అయితే సాధారణంగా గడ్డి మీదనే అనుమానం పెట్టుకోవచ్చు. రాత్రీ పగలూ ఒకే విధంగా చెడి ఉంటే ఇన్సులేటరు, ముడి, ఎర్తు చూడాలి.

పెట్టె ఆపి ఉత్తరం పొడుగునా కింది తీగకు ఇరువైపులా మూరెడు వెడల్పున కొడవలితో నేలబారుగా కోశాడు. కోసిన గడ్డిని తీగ కింద వదలకుండా దూరంగా వేశాడు. తీగకు చుట్టుకొని ఎండిన తీగ మొక్కలను కూడా లాగేశాడు. అవి చచ్చినా మంచుకు తడిస్తే దారి ఇస్తాయి. మొక్కజొన్న ఆకులు గాలికి ఊగి పై తీగను తాకుతున్నచోట ఒక్క వరుస ఆకులు విరిచాడు. కొత్తగా కంచె వేసుకునేవారు పంట మొదటి సాలును తీగకు రెండు మూరల దూరాన వేసుకుంటే ఈ బాధ ఉండదు. వానాకాలంలో గడ్డి రెండు మూడు వారాలకే మళ్లీ కింది తీగను అందుకుంటుంది. అందుకని కింది తీగకు వేరే స్విచ్చి పెట్టుకోవడం మంచిది. కొయ్యడానికి వీలుపడని నాలుగు రోజులూ కింది తీగను విడదీస్తే పై తీగలోనన్నా పట్టు నిలుస్తుంది. అయితే పంది కింది నుంచి దూరే జంతువు గనుక ఇది నాలుగు రోజుల ఉపాయమే గాని, సీజనంతా గడిపేది కాదు.

గడ్డి కోసిన మర్నాటి తెల్లవారుజామున మీటరులో 6.2 వచ్చింది. ఇక్కడ చాలామంది పని అయిపోయిందనుకొని ఇంటికి పోతారు. రెండు రాత్రులు గడిచాక పంది మళ్లీ వస్తుంది. ఆశ్చర్యపోతారు: మీటరు ఆరు చూపిస్తున్నది గదా, పంది ఎలా వచ్చింది? కీలకమంతా ఇక్కడే ఉన్నది. పంది తాకనప్పుడు తీగలో వోల్టు ఎక్కువగానే నిలుస్తుంది, ఎందుకంటే ఎటూ పోవడం లేదు. పంది తాకిన క్షణంలో దెబ్బ నేలలోంచి తిరిగి రావాలి. ఆ తిరుగుదారి ఇరుకుగా ఉంటే దెబ్బ పంది ఒంట్లోంచి పారదు, అక్కడే కూలబడుతుంది. పంది ఒక్కసారి ఒళ్లు విదిలించి ముందుకు పోతుంది. అందుచేత ఎర్తును, పంది తాకినట్టు చేసి, అప్పుడు పరీక్షించాలి.

ఈ పరీక్ష ఇట్లా చేయాలి. పెట్టె ఆపి, పాకకు వంద మీటర్లకు తక్కువ కాకుండా దూరాన మూడు నాలుగు ఇనుప గునపాలను నేలలో గుచ్చి తీగకు ఆనించి పెట్టాలి. అవి పందుల గుంపు తాకినట్టు పనిచేస్తాయి. ఆ తరువాత పెట్టెను నడిపి తీగ మీద కొలవాలి. 2 కు తగ్గేవరకు గునపాలు పెంచుతూ పోవాలి. పెంచిన ప్రతిసారీ పెట్టెను ఆపి పెంచాలి. ఇప్పుడు పాక దగ్గరకు వచ్చి, ఎర్తు కడ్డీకి ఒక మీటరు దూరాన మీటరు చిన్న కడ్డీని నేలలో గుచ్చి, మీటరు కొసను ఎర్తు కడ్డీకే ఆనించాలి. తిరుగుదారి విశాలంగా ఉంటే ఎర్తు కడ్డీ మీద వోల్టు నిలవకూడదు. 0.2 వచ్చిందా, మంచిది. 0.3 వరకు ఒప్పుకోవచ్చు. అంతకు మించితే ఎర్తు చాలదు. కాలువ చివర పూడిపోతే నీరు వెనక్కి పోటెత్తి నిలుస్తుంది చూడండి, అట్లా దెబ్బ ఎర్తు కడ్డీ దగ్గర పోటెత్తి నిలుస్తున్నదన్న మాట. మన రైతు నైరుతి మూలన గునపాలు ఆనించి తీగను 1.6 కు దింపి చూస్తే, ఎర్తు కడ్డీ మీద 0.9 వచ్చింది.

ఎందుకు వచ్చిందో తవ్వి చూస్తే తెలిసింది. కంచె బిగించినవారు ఒకే ఒక కడ్డీ, రెండున్నర అడుగులది, పాక చూరు లోపల పాతారు. వాన నీరు అక్కడ పడదు, నేల గరుసు, ఏడాదంతా ఎండి ఉంటుంది. ఎండిన గరుసు నేల కరెంటుకు దారి ఇవ్వదు. పైగా ఇనుప కడ్డీకి రాగి తీగను మెలిపెట్టి కట్టారు. రాగి, జింకు పూత ఇనుము తేమలో కలిసి ఉంటే తుప్పు త్వరగా తింటుంది. తీగను తీస్తే ముడి కింద పూత అంతా పోయి ఎర్రగా ఉన్నది.

రైతు పాకకు కొంచెం అవతల, బోరు కాలువ పక్కన తేమ నిలిచే చోటు చూసుకున్నాడు. జింకు పూత వేసిన రెండు మీటర్ల కడ్డీలు, మూడు మీటర్ల ఎడంతో, పై కొన మాత్రమే బయటికి కనిపించేలా పాతాడు. దగ్గర దగ్గరగా పాతితే రెండు కడ్డీలు ఒకే మట్టిని వాడుకుంటాయి, లాభం ఉండదు. అన్నిటినీ ఒకే జి.ఐ. తీగతో, క్లాంపులతో బిగించి కలిపాడు. ఒక కడ్డీ కలపగానే 0.9 కాస్తా 0.6 కు దిగింది. రెండో దానికి 0.4. మూడో దానికి 0.2. అక్కడితో ఆపాడు. ఎన్ని కడ్డీలు కావాలో ముందుగా చెప్పలేము. నేలను బట్టి ఉంటుంది. మీటరు 0.3 కు దిగేవరకు పాతుతూ పోవడమే లెక్క. వేసవిలో, నేల బాగా ఎండినప్పుడు మరొకసారి ఈ పరీక్ష చెయ్యాలి. అవసరమైతే కడ్డీల మొదట్లో బిందెడు నీళ్లు పోస్తూ ఉండాలి.

ఎర్తు పాతే చోటు గురించి ఒక నియమం గట్టిగా పాటించండి. మోటారు స్టార్టరు ఎర్తుకు, ఇంటి ఎర్తుకు, టెలిఫోను ఎర్తుకు కంచె కడ్డీలు పది మీటర్ల దూరాన ఉండాలి. బోరు కేసింగు ఇనుపది గదా, లోతుగా ఉన్నది గదా అని దానికి కట్టకండి. కంచె దెబ్బ మోటారు లైనులోకి పాకే ప్రమాదం ఉన్నది. మోటారులో ఎప్పుడైనా లీకు వస్తే లైను కరెంటు మీ కంచెలోకి వచ్చే ప్రమాదం ఇంకా పెద్దది.

బాగా ఎండిన రాతి నేలలో ఎన్ని కడ్డీలు పాతినా 0.3 కు దిగని చోట్లుంటాయి. అక్కడ నేలను తిరుగుదారిగా నమ్మలేము. తీగల నడుమ మరొక తీగ లాగి, దానిని పెట్టె ఎర్తు కొనకు కలపాలి. పంది మూతికి దెబ్బ తీగా, మెడకు ఎర్తు తీగా ఒకేసారి తగిలితే నేలతో పని లేకుండానే చుట్టు పూర్తి అవుతుంది. అయితే రెండు రకాల తీగలూ ఎక్కడా తాకుకోకుండా బిగువుగా కట్టాలి. తాకితే కంచె మొత్తం ఒక్కసారిగా పోతుంది.

మన రైతు గునపాలు తీసేసి, మర్నాటి తెల్లవారుజామున కొలిస్తే పాక దగ్గర 6.5, చివర 6.1 వచ్చాయి. ఈ రెండు అంకెలనూ పాక తలుపు లోపల సుద్దతో రాసి పెట్టాడు. ఇది చిన్న పనిగా కనిపిస్తుంది గాని చాలా అక్కరకు వచ్చేది. వారానికి ఒకసారి అదే వేళకు, అవే రెండు చోట్ల కొలిచి పక్కన రాస్తూ పోతే, 6.5 మెల్లగా 5.8, 5.2 అని దిగుతుంటే గడ్డి పెరుగుతున్నదని, ఒక్కసారిగా 3 కు పడితే ఏ ఇన్సులేటరో పోయిందని, దగ్గర బాగుండి చివర పడితే నడుమ ఏదో ముడి తుప్పు పట్టిందని అంకెలే చెపుతాయి. పంది వచ్చి చెప్పేదాకా ఆగనక్కరలేదు.

విస్తరణ ఉద్యోగులకు ఒక మనవి. ఊరికి ఒక ఫెన్సు వోల్టుమీటరు ఉంటే కంచెలున్న రైతులందరికీ అది సరిపోతుంది. మీరు ఏ చేనుకు వెళ్లినా ముందు పెట్టెను విడిగా కొలవండి, తరువాత తీగను ముక్కలుగా కలుపుతూ కొలవండి, చివర గునపాలు ఆనించి ఎర్తును కొలవండి. ఈ వరుస తప్పకండి. రైతు చేతనే ఈ మూడూ చేయించండి. ఒక్కసారి చేసినవాడు మరిచిపోడు. కంచె మీద హెచ్చరిక పలకలున్నవా లేదా, ముళ్ల తీగకు ఎక్కడైనా దెబ్బ కలిపారా అన్నది కూడా చూడండి. ముళ్ల తీగకు దెబ్బ ఇవ్వకూడదు, ముళ్లకు చిక్కుకున్న జంతువు గాని మనిషి గాని విడిపించుకోలేక దెబ్బ మీద దెబ్బ తింటూ ఉంటారు. ఒకే కంచెకు రెండు పెట్టెలు కలపడం కూడా తప్పు. రెండూ వేరు వేరు లయల్లో కొడితే, తగిలినవారు తప్పుకునే సందు లేకుండా పోతుంది. ఉరుములు మెరుపులు వచ్చేటట్టు ఉంటే ముందే పెట్టెను తీగ నుంచి విడదీయమని చెప్పండి. పిడుగు కంచె మీద పడితే పెట్టె దక్కదు. ఉరుములు మొదలయ్యాక మాత్రం తీగ దగ్గరకు ఎవరూ పోకూడదు.